మూడు మానిటర్లు పెట్టాక హెడ్ ట్రాకింగ్ తల ఎందుకు తిప్పేస్తోంది? టేప్ పట్టుకుని సరిచేద్దాం

మా ఫ్రెండ్ ఒకడు సిమ్ రిగ్‌ను అప్‌గ్రేడ్ చేశాడు. ఒక్క మానిటర్ ఉన్న చోట 27 అంగుళాలవి మూడు వచ్చాయి. పాత సెటప్‌లో వెబ్‌క్యామ్‌తో హెడ్ ట్రాకింగ్ వాడేవాడు, అది బాగానే పనిచేసేది కాబట్టి సెట్టింగ్స్ మార్చకుండా అలాగే ఉంచేశాడు. మొదటి రోజు అసెట్టో కోర్సాలో పది నిమిషాలు తోలేసరికి కడుపులో తిప్పడం మొదలైంది. ల్యాప్ టైమ్ తగ్గాల్సింది పోయి పెరిగింది. "డబ్బులు దండగ బ్రో, వీటిని అమ్మేసి వీఆర్ కొనుక్కుంటా" అన్నాడు.

అమ్మే ముందు ఒకసారి కొలిచి చూద్దాం అని టేప్ పట్టుకుని వెళ్లాను. మూడు తప్పులు దొరికాయి. కంటికీ మధ్య మానిటర్‌కీ మధ్య దూరం 90 సెంటీమీటర్లు. గేమ్‌లో నిలువు ఎఫ్ఓవీ 55 డిగ్రీలు. హెడ్ ట్రాకింగ్ ఏమో తల ఎంత తిరిగితే గేమ్‌లో చూపు కూడా అంతే తిరిగేలా ఉంది. మొదటి రెండూ చాలామందికి తెలిసిన తప్పులే. మూడోది తప్పు అని కూడా చాలామందికి తెలియదు, ఎందుకంటే ఒక మానిటర్ ఉన్నప్పుడు తలతో పాటు చూపు తిరగడమే కావాల్సింది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మానిటర్ అంటే కిటికీ

ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే ఎఫ్ఓవీ, మన ఇష్టం వచ్చినట్టు పెట్టుకునే నంబర్ కాదు. మానిటర్‌ని గోడలో ఉన్న కిటికీ అనుకోండి. కిటికీకి దగ్గరగా నిలబడితే బయట ఎక్కువ కనిపిస్తుంది, వెనక్కి జరిగితే తక్కువ కనిపిస్తుంది. కంటి నుంచి కిటికీ రెండు అంచుల వరకు గీతలు గీస్తే వాటి మధ్య ఎంత కోణం వస్తుందో అదే సరైన ఎఫ్ఓవీ. దానికి ఫార్ములా ఇంతే:

```
FOV = 2 × arctan( W / (2 × D) )
```

ఇందులో W అంటే స్క్రీన్ వెడల్పు, D అంటే కంటి నుంచి స్క్రీన్‌కి ఉన్న దూరం. నిలువు కోణం కావాలంటే వెడల్పు బదులు ఎత్తు వేయాలి. ఫోన్ కాల్కులేటర్‌ని అడ్డంగా తిప్పితే వచ్చే సైంటిఫిక్ మోడ్‌లో tan⁻¹ ఉంటుంది, అదే arctan.

27 అంగుళాల 16:9 మానిటర్‌లో బొమ్మ కనిపించే భాగం వెడల్పు 59.8 సెంటీమీటర్లు, ఎత్తు 33.6. మావాడు కూర్చున్న 90 సెంటీమీటర్ల దూరానికి లెక్క వేస్తే నిలువు ఎఫ్ఓవీ 21 డిగ్రీలు రావాలి. వాడు పెట్టింది 55. అంటే చిన్న కిటికీలో పెద్ద దృశ్యాన్ని కుదించి ఇరికించాడన్నమాట. మధ్యలో కనిపించే ప్రతి వస్తువూ ఉండాల్సిన సైజులో దాదాపు మూడో వంతుకి తగ్గిపోతుంది. బ్రేకింగ్ బోర్డు 100 మీటర్ల దూరంలో ఉంటే, కంటికి అది 280 మీటర్ల దూరంలో ఉన్న బోర్డంత చిన్నగా కనిపిస్తుంది. ఇక మలుపు ఎంత దూరంలో ఉందో కంటికి ఎలా అంచనా దొరుకుతుంది? వాడు కంటితో కాకుండా "బోర్డు దాటాక ఒకటి, రెండు, బ్రేక్" అని లెక్కపెట్టుకుని తోలుతున్నాడు.

అలాగని 90 సెంటీమీటర్ల దగ్గరే కూర్చుని ఎఫ్ఓవీని 21కి తగ్గిస్తే సైజులు సరిపోతాయి, కానీ లెటర్ బాక్స్ కన్నంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. మొదటిసారి కరెక్ట్ ఎఫ్ఓవీ పెట్టుకున్నవాళ్లు "ఏమీ కనిపించట్లేదు" అనేది ఇందుకే. ఆ మాట నిజమే, కానీ దానికి మందు నంబర్ పెంచడం కాదు, కుర్చీని ముందుకి జరపడం.

60 సెంటీమీటర్లకు జరిపితే అదే మానిటర్‌కి నిలువు కోణం 31, అడ్డం కోణం 53 డిగ్రీలు వస్తాయి. 90 దగ్గర అడ్డం కోణం 37 మాత్రమే. మూడు మానిటర్లకు కలిపితే తేడా ఇంకా పెద్దది: 90 దగ్గర సుమారు 112 డిగ్రీలు, 60 దగ్గర దాదాపు 160. ముప్పై సెంటీమీటర్లు జరగడం వల్ల 48 డిగ్రీలు ఫ్రీగా వచ్చాయి. ఇంకా పెద్ద మానిటర్లు కొనాలా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ముందు కుర్చీ జరపండి, ఆ తర్వాత కార్ట్ ఓపెన్ చేయండి.

దూరాన్ని కొలిచేటప్పుడు సీటు వెనక భాగం నుంచో, ఛాతీ నుంచో కాదు, కంటి నుంచి కొలవాలి. అది కూడా స్టీరింగ్ పట్టుకుని, కాళ్లు పెడల్స్ మీద పెట్టి, నిజంగా తోలుతున్న పొజిషన్‌లో కూర్చున్నప్పుడు. ఇంకొకరు టేప్ పట్టుకుంటే తేలిక. ఊరికే కూర్చున్నప్పుడు వెనక్కి వాలతాం, తోలేటప్పుడు ముందుకి వస్తాం. మావాడి విషయంలో ఆ తేడా 8 సెంటీమీటర్లు ఉంది. కంటి ఎత్తు స్క్రీన్ మధ్య గీతకు దగ్గరగా ఉండేలా చూసుకోండి. వీల్ బేస్ అడ్డం వచ్చి మానిటర్ దగ్గరికి రానంటే, మానిటర్‌ని వీల్ బేస్ వెనక కాకుండా దాని పైకి వచ్చేలా విడి స్టాండ్ మీద పెట్టాలి. టేబుల్‌కి క్లాంప్ చేసిన వీల్ అయితే ఇదే అసలు ఇబ్బంది.

పక్క మానిటర్లు ఎంత వంచాలి?

మావాడు "చూడ్డానికి బాగుంది" అని సుమారు 30 డిగ్రీలు వంచాడు. ఇక్కడా లెక్క ఉంది. పక్క మానిటర్ మధ్యబిందువు కూడా కంటికి అదే 60 సెంటీమీటర్ల దూరంలో, సూటిగా కంటికి ఎదురుగా ఉండాలి. అలా రావాలంటే వంపు కోణం ఒక్కో మానిటర్ ఆక్రమించే కోణంతో సమానం కావాలి. ఇక్కడ బెజెల్ కూడా కలుపుకోవాలి. రెండు వైపులా 8 మిల్లీమీటర్ల చొప్పున బెజెల్ ఉంటే మొత్తం వెడల్పు 61.4 సెంటీమీటర్లు, దాన్ని ఫార్ములాలో వేస్తే 54 డిగ్రీలు వస్తుంది.

54 డిగ్రీలు అంటే చాలామంది ఊహించే దానికన్నా చాలా ఎక్కువ వంపు. ఫోన్ కంపాస్‌తో కొలవొద్దు, మెటల్ స్టాండ్ దగ్గర అది తప్పు చూపిస్తుంది. టేపే బెటర్. మన కొలతలకు ఎడమ మానిటర్ ఎడమ అంచు నుంచి కుడి మానిటర్ కుడి అంచు వరకు నేరుగా కొలిస్తే 134 సెంటీమీటర్లు రావాలి. ఆ బయటి అంచులు మధ్య స్క్రీన్ తలం కన్నా 50 సెంటీమీటర్లు మీ వైపుకి రావాలి. ఈ రెండూ కుదిరితే కోణం కుదిరినట్టే. బయటి అంచులు దాదాపు మీ చెవుల దాకా వచ్చేస్తాయి కాబట్టి రిగ్‌లోకి ఎక్కేది ఇక వెనక నుంచే. గోడకి ఆనించి రిగ్ పెట్టుకున్నవాళ్లు ఈ విషయం ముందే చూసుకోండి, మావాడు మాత్రం బీరువా జరపాల్సి వచ్చింది.

గేమ్‌కి ఈ వంపు సంగతి తెలియాలి

మానిటర్లు వంచినంత మాత్రాన పని అవ్వదు. గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని ఎన్‌విడియా సరౌండ్ లేదా ఏఎండీ ఐఫినిటీ మూడు మానిటర్లను కలిపి 5760×1080 సైజున్న ఒకే పెద్ద స్క్రీన్‌లా గేమ్‌కి చూపిస్తుంది. గేమ్ దాన్ని ఒకే చదునైన కిటికీ అనుకుని బొమ్మ గీస్తుంది. మీరేమో ఆ కిటికీని రెండు చోట్ల విరిచి లోపలికి వంచారు. అందుకే పక్క మానిటర్లలో కార్లు రబ్బరులా సాగిపోయి కనిపిస్తాయి, వేగం కూడా అబద్ధంగా ఎక్కువ అనిపిస్తుంది.

దీనికి పరిష్కారం మూడు వేర్వేరు కెమెరాలతో మూడు బొమ్మలు గీయించడం. అసెట్టో కోర్సాలో వీడియో సెట్టింగ్స్‌లో రెండరింగ్ మోడ్‌ను ట్రిపుల్ స్క్రీన్‌కి మార్చాలి. ఐరేసింగ్‌లో మూడు ప్రొజెక్షన్లతో గీయమనే ఆప్షన్ ఉంటుంది. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 వాడేవాళ్లకు config.cfg ఫైల్‌లో r_multimon అని మొదలయ్యే లైన్లు ఉంటాయి. గేమ్ ఏదైనా అడిగేవి దాదాపు ఇవే: స్క్రీన్ వెడల్పు, బెజెల్, దూరం, వంపు కోణం. అన్నీ ఇప్పటికే కొలిచి పెట్టుకున్నాం. ఒక్క జాగ్రత్త: అసెట్టో కోర్సాలో ఎఫ్ఓవీ అంటే నిలువు కోణం, ఐరేసింగ్‌లో అడ్డం కోణం. ఒకదాని నంబర్ ఇంకోదాంట్లో కొట్టి తికమక పడొద్దు.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి స్ట్రెయిట్‌లో కార్‌ని రోడ్డుకి కాస్త ఏటవాలుగా ఆపి, ట్రాక్ పక్కన ఉండే ఇనుప రెయిలింగ్ మధ్య మానిటర్ నుంచి పక్క మానిటర్‌లోకి దాటేలా పెట్టండి. తల నిలకడగా పెట్టి చూస్తే ఆ గీత బెజెల్ దగ్గర విరగకుండా నేరుగా సాగిపోవాలి. బెజెల్ దగ్గర గీత మడత పడితే కోణమో దూరమో తప్పు. మడత లేదు కానీ గీత మెట్టులా పైకో కిందికో తప్పితే బెజెల్ లెక్క తప్పు. ఈ రెండోది చాలాసార్లు బెజెల్ కరెక్షన్‌ను డ్రైవర్‌లోనూ గేమ్‌లోనూ రెండు చోట్లా ఆన్ చేయడం వల్ల వస్తుంది. ఎక్కడో ఒక చోటే ఉంచండి.

మూడు 1440పీ మానిటర్లంటే 4కే కన్నా మూడో వంతు ఎక్కువ పిక్సెల్స్, పైగా దృశ్యాన్ని మూడుసార్లు గీయాలి. కార్డ్ సరిపోకపోతే నీడలు, అద్దాల క్వాలిటీ తగ్గించండి, ఎఫ్ఓవీ జోలికి మాత్రం పోవద్దు.

ఇప్పుడు అసలు గొడవ: హెడ్ ట్రాకింగ్

ఒక మానిటర్ ఉన్నప్పుడు పక్కకి చూడటానికి వేరే దారి లేదు, అందుకే తల కొంచెం తిప్పితే గేమ్‌లో కెమెరా తిరగాలి. మూడు మానిటర్లు వచ్చాక పక్కన ఏముందో పక్కనే స్క్రీన్ మీద ఉంది. ఇప్పుడు కూడా కెమెరా తిరిగితే ఏమవుతుందో చూడండి.

ఎడమ అద్దం నేరు దిశకి 40 డిగ్రీలు ఎడమగా, ఎడమ మానిటర్‌లో ఉందనుకుందాం. దాన్ని చూడటానికి మీరు తల 30 డిగ్రీలు తిప్పారు, మిగతా పది కళ్లు తిరుగుతాయి. తల తిరగగానే ట్రాకర్ కెమెరాని కూడా 30 డిగ్రీలు ఎడమకి తిప్పేసింది. అద్దం కుడికి జారి 10 డిగ్రీల దగ్గరికి, అంటే మధ్య మానిటర్‌లోకి వచ్చేసింది. మీరు ఎడమ మానిటర్ వైపు చూస్తుంటే అద్దం మీ ముందు నుంచి పారిపోయింది! రోడ్డు కూడా 30 డిగ్రీలు కుడికి పోయింది. నిజం కార్లో తల తిప్పితే ప్రపంచం తిరగదు. ఇక్కడ తిరిగింది, చెవి లోపల ఉన్న బ్యాలెన్స్ అవయవం ఒకటి చెబుతోంది, కన్ను ఇంకొకటి చెబుతోంది. మావాడి కడుపులో తిప్పడానికి కారణం ఇదే.

కిటికీ సంగతి గుర్తు తెచ్చుకోండి. కిటికీ ముందు నిలబడి తల తిప్పితే కిటికీలోని దృశ్యం మారదు. తలని పక్కకి జరిపితేనే మారుతుంది. కాబట్టి మూడు మానిటర్ల సెటప్‌లో ట్రాకర్ నుంచి మనకి కావాల్సింది తిరగడం కాదు, జరగడం.

మావాడు వాడేది opentrack, ఫ్రీ సాఫ్ట్‌వేర్. అందులో ఆరు అక్షాలు ఉంటాయి: Yaw, Pitch, Roll అనేవి తల తిరగడానికి, X, Y, Z అనేవి జరగడానికి. మ్యాపింగ్ విండోలో ఒక్కో దానికి ఒక గ్రాఫ్ ఉంటుంది. అడ్డంగా ఉండేది తల నిజంగా కదిలింది, నిలువుగా ఉండేది గేమ్‌కి వెళ్లేది.

Pitch, Roll గ్రాఫ్‌లను పూర్తిగా సున్నా గీతకి దించేశాం. Yaw గ్రాఫ్‌ని రెండు వైపులా 40 డిగ్రీల వరకు సున్నా మీదే ఉంచి, అక్కడి నుంచి 60 వచ్చేసరికి 25 డిగ్రీలకు ఎక్కేలా పెట్టాం. మామూలుగా అద్దం చూసినప్పుడు తల 40 దాటదు, కాబట్టి దృశ్యం కదలదు. భుజం మీదుగా వెనక్కి చూడాలనుకున్నప్పుడే కెమెరా తిరుగుతుంది. రేసింగ్ మాత్రమే ఆడేవాళ్లు Yaw కూడా మొత్తం ఆపేసుకోవచ్చు, 160 డిగ్రీలు ఉంటే పక్కన వచ్చే కారు ఎలాగూ కనిపిస్తుంది. ట్రక్ సిమ్‌లో జంక్షన్ దగ్గర వెనక్కి చూడాల్సి వస్తుంది కాబట్టి అక్కడ ఆ చివరి భాగం పనికొస్తుంది.

X, అంటే పక్కలకి జరగడం, ఇక్కడే ట్రాకింగ్ విలువ తెలిసేది. దీన్ని ఒకటికి ఒకటి పెట్టాలి. విండ్‌షీల్డ్ పక్క పిల్లర్ కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, తల 10 సెంటీమీటర్లు పక్కకి వాల్చినప్పుడు దూరంగా ఉన్న రోడ్డుతో పోలిస్తే ఆ పిల్లర్ 8 డిగ్రీలు జరుగుతుంది. పిల్లర్ వెనక దాక్కున్న మలుపు లోపలి అంచు బయటపడుతుంది. మూడు మానిటర్లు ఎంత పెద్దవైనా ఇది ఇవ్వలేవు. మావాడు ఓ ఎడమ హెయిర్‌పిన్‌లో తనకి తెలియకుండానే తల వంచి చూసి, "అరె, కనిపిస్తోంది!" అన్నాడు.

దీనికి ఒక పరిమితి ఉంది. మీరు 10 సెంటీమీటర్లు పక్కకి జరిగితే మానిటర్లు మీకు ఎదురుగా లేవు, కాస్త ఏటవాలుగా ఉన్నాయి. నిజమైన కిటికీ అయితే దానికి తగ్గట్టు దృశ్యం అంతా సర్దుకోవాలి. మామూలుగా ట్రాకర్ సమాచారంతో గేమ్ కెమెరాని జరుపుతుంది, కిటికీ ఆకారాన్ని మాత్రం మార్చదు. దగ్గరి వస్తువుకీ దూరపు వస్తువుకీ మధ్య తేడా సరిగ్గానే వస్తుంది, మొత్తం దృశ్యం మాత్రం మీతో పాటు జరగాల్సింది జరగదు. 10 సెంటీమీటర్ల లోపు ఇది ఇబ్బంది పెట్టదు. అంతకు మించి వాలితే బెజెల్ దగ్గర గీతలు మళ్లీ మడత పడటం కనిపిస్తుంది. అందుకే X గ్రాఫ్‌ని 12 దగ్గర ఆపేశాం.

Z, అంటే ముందుకి వెనక్కి జరగడం, దీనికి మాత్రం పూర్తి విలువ ఇవ్వొద్దు. 10 సెంటీమీటర్లు ముందుకి వంగితే కంటి దూరం 50 అవుతుంది, ఎఫ్ఓవీ 53 నుంచి 62 కావాలి. గేమ్ దాన్ని 53 దగ్గరే ఉంచుతుంది. స్క్రీన్ దగ్గరైంది కాబట్టి బొమ్మ ఎలాగూ పెద్దదిగా కనిపిస్తోంది, దానికి తోడు కెమెరా కూడా ముందుకి పోతే డ్యాష్‌బోర్డ్ ముఖం మీదకి వచ్చినట్టు ఉంటుంది. హార్డ్ బ్రేకింగ్‌లో ఒళ్లు ముందుకి ఊగే ప్రతిసారీ ఇది జరుగుతుంది. మేము Z మొత్తం ఆపేశాం. Y సగానికి తగ్గించాం.

వెబ్‌క్యామ్ మధ్య మానిటర్ పైన, సరిగ్గా మధ్యలో ఉండాలి. ముఖం మీద వెలుతురు తక్కువైతే బొమ్మ వణుకుతుంది. అప్పుడు ఫిల్టర్‌లో స్మూతింగ్ పెంచాలనిపిస్తుంది, కానీ ఎక్కువ పెంచితే తల కదిలాక దృశ్యం ఆలస్యంగా కదులుతుంది, మళ్లీ కడుపులో తిప్పడమే. మానిటర్ వెనక చిన్న ల్యాంప్ పెట్టి ముఖం మీద కాంతి పడేలా చేశాం, స్మూతింగ్ తగ్గించాం. గేమ్‌లో ఉండే "మలుపు వైపు చూడు" లాంటి ఆటోమేటిక్ కెమెరా కదలికలను కూడా ఆఫ్ చేయాలి, లేదంటే ఇద్దరు డ్రైవర్లు ఒకే తల తిప్పినట్టు ఉంటుంది.

చివరి చెక్ ఇలా చేశాం. opentrack సెంటర్ కీని స్టీరింగ్ మీద ఒక బటన్‌కి ఇచ్చి, తోలే పొజిషన్‌లో కూర్చుని దాన్ని నొక్కాడు. కార్ ఆపి ఉంచి, ఒంటిని కదపకుండా, మామూలుగా అద్దం చూసినట్టు తల ఎడమ మానిటర్ వైపు తిప్పాడు. దృశ్యం తిరగకూడదు. కొద్దిగా పక్కకి జరిగితే పర్లేదు, మెడ తిరిగినప్పుడు కళ్లు నిజంగానే నాలుగైదు సెంటీమీటర్లు పక్కకి జరుగుతాయి. తర్వాత తల తిప్పకుండా ఎడమకి వాలాడు. పిల్లర్ జరగాలి, దూరంగా కొండలు అలాగే ఉండాలి. కొండలు కూడా ఊగితే Yaw ఇంకా ఎక్కడో లీక్ అవుతోందని అర్థం.

రెండు రోజులు "ఎఫ్ఓవీ తక్కువైంది, స్పీడ్ తెలియట్లేదు" అని గొణిగాడు. నిజమే, పాత 55తో పోలిస్తే వేగం తక్కువ అనిపిస్తుంది. మూడో రోజు రాత్రి ఒంటిగంటకి మెసేజ్ వచ్చింది: బోర్డులు లెక్కపెట్టడం మానేశాడట, నలభై నిమిషాలు ఆగకుండా తోలాడట. మానిటర్ల అమ్మకం ప్రకటన మాత్రం ఇంకా డిలీట్ చేయలేదు, ఎవరో ఫోన్ చేసి తగ్గించి ఇస్తారా అని అడుగుతున్నారట.